3 మీటర్ల మెరక మీద రెండంతస్తుల ఇల్లు: పైల్స్ తప్పవా?

మెరకస్థలం

అందరికీ నమస్కారం. మా స్థలం ఒకప్పుడు నీటి గుంట. రెండేళ్ల క్రితం మట్టి, పాత గోడల శిథిలాలు పోసి 3 మీటర్లు మెరక చేశారు. కింద ఒకటి, పైన ఒకటి, రెండంతస్తుల ఇల్లు, 12 స్తంభాలు అనుకుంటున్నాం. ఒక్కో స్తంభం మీద సుమారు 25 టన్నుల బరువు పడుతుందని డిజైన్ చేసే ఇంజనీర్ చెప్పారు.

సాయిల్ టెస్ట్ కోసం ఒక బోరు వేయించాం, 10 మీటర్ల దాకా. పైన 3 మీటర్లు మెరక. దాని కింద 5.5 మీటర్ల వరకు మెత్తటి బంకమట్టి, అందులో ఎన్ విలువ, అంటే సాంప్లర్ గొట్టాన్ని 30 సెం.మీ. దించడానికి పట్టిన సుత్తి దెబ్బలు, 2, 3 మాత్రమే. 5.5 నుంచి 7 వరకు గట్టి బంకమట్టి, ఎన్ 16. ఆ కింద ఇంకా గట్టిది, ఎన్ 28. నీళ్లు 2.5 మీటర్ల దగ్గర. 400 మి.మీ. వ్యాసం, 9 మీటర్ల పొడవు పైల్స్, అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు, వేయమన్నారు, ఒక్కోటి 20 టన్నులు మోస్తుందట.

మాది చిన్న ఇల్లే కదా, పెద్ద బిల్డింగులకు వేసే పైల్స్ మాకెందుకు అని ఇంట్లో ఒకటే చర్చ. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

మేస్త్రీబాబాయ్

అమ్మా, నేను 30 ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాను. మెరక పోసి రెండు వానాకాలాలు గడిస్తే మట్టి దానంతటదే కూర్చుంటుంది. మీది రెండేళ్లు అయింది కాబట్టి అది దిగాల్సింది దిగిపోయి ఉంటుంది. మొత్తం ఇంటి కింద ఒకే కాంక్రీటు పలకలా రాఫ్ట్ వేయండి. బరువు అంతటా పంచుకుంటుంది, పైల్స్ అక్కర్లేదు. మెరక మీద రాఫ్ట్ వేసిన ఇళ్లు నేనే నాలుగు కట్టాను, ఒక్కదానికి కూడా పగులు రాలేదు.

రేగడినేల

మాదీ ఇదే సమస్య. ఎండాకాలం వస్తే గోడలు పగులుతాయి, వానలు పడితే ఆ పగుళ్లు మూసుకుంటాయి. మాకు అడుగున బల్బులాగా ఉబ్బుండే అండర్ రీమ్డ్ పైల్స్ చెప్పారు, 3.5 మీటర్ల లోతు చాలన్నారు. మీరు కూడా అవే వేయించుకోండి, 9 మీటర్లు ఎందుకు?

పునాదిమనిషి

రేగడినేల గారూ, మీ జబ్బు వేరు, వాళ్ల జబ్బు వేరు. మీ నేల తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. ఆ కదలిక పైపొరల్లోనే ఉంటుంది కాబట్టి, దాని కిందికి దిగి బల్బుతో పట్టు దొరికించుకుంటే చాలు. మెరకస్థలం గారి నేల ఉబ్బదు, కిందికి మాత్రమే పోతుంది. అక్కడ 3.5 మీటర్ల పైల్ వేస్తే దాని బల్బు సరిగ్గా పాత గుంట బురదలో కూర్చుంటుంది.

మేస్త్రీబాబాయ్ గారు చెప్పినదాంట్లో సగం నిజం. వానలకు మెరకలోని బోలు కొంత సర్దుకుంటుంది. కానీ ఇక్కడ కుంగేది మెరక ఒక్కటే కాదు, దాని కిందున్న 2.5 మీటర్ల మెత్తటి బంకమట్టి కూడా. అది వానకు కూర్చోదు. లోపలి నీరు మెల్లగా బయటికి పోతేనే కుదించుకుంటుంది. నీరు పైకీ కిందికీ రెండు వైపులా పోగలిగితే ఏడాదిన్నరలో చాలావరకు అయిపోవచ్చు. ఒక్క వైపే దారి ఉంటే ఆరేళ్లు కూడా పట్టవచ్చు.

మెరకస్థలం గారూ, ఒక చిన్న లెక్క చూడండి. మెరక మట్టి ఘనపు మీటరుకు సుమారు 1.8 టన్నులు. 3 మీటర్ల మందం అంటే చదరపు మీటరుకు 5.4 టన్నులు. మీ రెండంతస్తుల ఇల్లు మొత్తం కలిపి చదరపు మీటరుకు 3 టన్నులు ఉంటుంది. అంటే మీరు ఇటుక పేర్చకముందే, ఆ బురద మీద దాదాపు రెండు ఇళ్ల బరువు పెట్టేశారు. మెరక మీ ఇంటిని మోసేది కాదు, ఇంటికంటే ముందే వచ్చి కూర్చున్న బరువు. ఇల్లు చిన్నదా పెద్దదా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. కింద ఏది ఎంత కుంగుతోంది, అన్ని మూలలా ఒకేలా కుంగుతోందా అన్నదే మొదటి ప్రశ్న.

మీ కాంపౌండ్ గోడ ఏమైనా కట్టారా? అది ఎలా ఉంది?

మెరకస్థలం

కట్టాం సార్. మెరక పోసిన వెంటనే రోడ్డు వైపు గోడ కట్టించాం. ఏడాదికే మధ్యలో సుమారు 4 సెం.మీ. కుంగి, మెట్లలా పగిలింది. వెనక వైపు గోడకు ఏమీ కాలేదు. కట్టినవాళ్ల పని బాగోలేదనుకున్నాం.

ఇంకో సందేహం. మెరకలో 1.5 మీటర్ల దగ్గర ఎన్ విలువ 22 వచ్చింది. 3 మీటర్ల దగ్గర 5. మరి పైన గట్టిగానే ఉన్నట్టు కదా?

పునాదిమనిషి

ఆ 22ను నమ్మకండి. శిథిలాలున్న మెరకలో సాంప్లర్ ఒక ఇటుక ముక్క మీద పడితే దెబ్బలు ఎక్కువ పడతాయి. అది ఆ ముక్క గట్టితనం, నేలది కాదు. పక్కకు అర మీటరు జరిగి వేసి ఉంటే 4 వచ్చేదేమో.

గోడ విషయం మాత్రం ముఖ్యం. ముందు వైపు కుంగి వెనక కుంగలేదంటే, గుంట అడుగు మీ స్థలంలోనే వాలుగా ఉండి ఉంటుంది. వెనక మూల పాత గట్టు మీద ఉందేమో. ఒక్క బోరుతో ఇది తెలియదు. వెనక మూలలో ఒకటి, పక్కన ఒకటి, ఇంకో రెండు బోర్లు వేయించండి. అంతవరకు కాంపౌండ్ గోడ మీద నాలుగు చోట్ల పెయింటుతో గీత పెట్టి, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నెలకోసారి వెనక గోడతో పోల్చి కొలవండి. గీత ఇంకా దిగుతుంటే బురద ఇంకా కుదించుకుంటోందని అర్థం.

ఇదే మెరక 1.5 మీటర్లుండి, కింద వెంటనే గట్టి నేల ఉండి ఉంటే పైల్స్ మాట నేనే వద్దనేవాణ్ని. మెరక తవ్వేసి, పాత నేల మీద ఫుటింగ్ పెట్టి, స్తంభాలు పొడుగు చేసుకుంటే సరిపోయేది. మీకు గట్టి నేల కోసం 5.5 మీటర్లు తవ్వాలి, అందులో సగానికి పైగా నీళ్ల కింద. అది పక్కవాళ్ల గోడకు కూడా ప్రమాదం.

మేస్త్రీబాబాయ్

రాఫ్ట్ వేస్తే కుంగినా మొత్తం కలిసి కుంగుతుంది కదా? పగుళ్లెందుకు వస్తాయి?

పునాదిమనిషి

అడుగు అంతటా ఒకేలా ఉంటే మీ మాట నిజమే బాబాయ్ గారూ. మీరు కట్టిన నాలుగు ఇళ్లూ అలాంటి చోట్లే ఉండి ఉంటాయి. మెత్తటి పొర ఒక వైపు రెండున్నర మీటర్లు, ఇంకో వైపు సున్నా అయితే, రాఫ్ట్ పగలకపోయినా వాలుతుంది. వాలిన రెండంతస్తుల ఇంటిని నిలబెట్టడం పగులు పూడ్చడం లాంటిది కాదు.

మెరకస్థలం

*(మూడు వారాల తర్వాత)*

బోర్లు వేయించాం. వెనక మూలలో 2.2 మీటర్లకే గట్టి బంకమట్టి వచ్చేసింది. పక్కన 4 మీటర్ల దగ్గర. ముందు వైపు పాత బోరులో 5.5. మీరు చెప్పినట్టు గుంట వాలుగానే ఉంది. రాఫ్ట్ వద్దనుకున్నాం. ఇప్పుడు 20 టన్నుల పైల్స్, స్తంభానికి రెండు చొప్పున 24 వేసేస్తే చాలు కదా?

పునాదిమనిషి

ఆ 20 టన్నుల దగ్గరే నాకు అనుమానం. లెక్క ఎలా వచ్చిందో ముందు వైపు బోరుతో వేసి చూశాను.

400 మి.మీ. పైల్. 5.5 నుంచి 7 మీటర్ల మధ్య పక్క రాపిడి 8.5 టన్నులు. 7 నుంచి 9 మధ్య 17. అడుగు దగ్గర ఇంకో 17. మొత్తం 42.5. పైనున్న మెరక, బురదల రాపిడి సుమారు 8 టన్నులు. అది కూడా కలిపితే 50.5, దాన్ని భద్రత కోసం 2.5తో భాగిస్తే 20. మీకు చెప్పిన అంకె ఇదే అయి ఉంటుంది.

ఇప్పుడు నిజంగా జరిగేది ఆలోచించండి. పైల్ గట్టి నేలలో కూర్చుని కదలదు. దాని చుట్టూ ఉన్న మెరక, బురద కుంగుతూ ఉంటాయి. కుంగే మట్టి పైల్‌ను పట్టుకుని కిందికి లాగుతుంది. కొన్ని మిల్లీమీటర్ల తేడా చాలు, ఈ లాగుడు మొదలవడానికి. దీన్ని నెగెటివ్ స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. అంటే ఆ 8 టన్నులు మీకు సాయం కాదు, మీ పైల్ మోయాల్సిన అదనపు బరువు. అప్పుడు లెక్క 42.5ను 2.5తో భాగిస్తే 17, అందులోంచి 8 తీసేస్తే 9 టన్నులు. స్తంభానికి రెండు పైల్స్ 18 టన్నులే మోస్తాయి, మీ బరువు 25.

మెరకస్థలం

అయ్యో, 20 చెప్పింది 9 అయిపోయిందా! స్తంభానికి మూడు వేయాలా?

పునాదిమనిషి

మూడు వేస్తే 27, సరిపోతుంది. కానీ 36 పైల్స్ అవుతాయి, మొత్తం 324 మీటర్లు. దానికంటే 11 మీటర్ల దాకా దిగితే గట్టి పొరలో ఇంకో రెండు మీటర్ల రాపిడి, 17 టన్నులు, వస్తుంది. 59.5ను 2.5తో భాగిస్తే 23.8, లాగుడు పోగా దాదాపు 16. రెండు పైల్స్‌కు 32. అప్పుడు 24 పైల్స్, 264 మీటర్లు. వెనక వైపు మెత్తటి పొరే లేదు కాబట్టి అక్కడ ఇంకా పొట్టివి చాలు. అయితే మీ బోరు 10 మీటర్ల దగ్గరే ఆగింది. 11 మీటర్ల పైల్ అడుగున ఏముందో తెలియకుండా వేయకూడదు. ఇంకో బోరు 15 మీటర్ల దాకా వెళ్లాలి.

నేలలెక్క

నేనూ ఈ పనే చేస్తాను. పునాదిమనిషి గారి వివరణ బాగుంది కానీ ఆ తీసివేతతో నేను ఏకీభవించను. పైల్ నిజంగా విఫలమయ్యే స్థితికి వస్తే అది చుట్టూ ఉన్న మట్టికంటే ఎక్కువ కిందికి జారుతుంది. జారిన క్షణంలో ఆ లాగుడు పోయి, అదే మట్టి మళ్లీ పైల్‌ను ఆపుతుంది. కాబట్టి లాగుడు సామర్థ్యాన్ని తగ్గించదు. పైల్ ఎంత కుంగుతుంది, కాంక్రీటు ఎంత బరువు తట్టుకోవాలి అన్న రెండు లెక్కల్లో మాత్రమే అది ఉండాలి. ఈ 9 టన్నులు అతి జాగ్రత్త.

పునాదిమనిషి

మీ వాదన నాకు తెలుసు, అందులో బలం ఉంది. కానీ మీరన్న ఆ జారుడే ఇక్కడ ఇబ్బంది. ఇంటికి పైల్ కూలిపోవడం కంటే ముందు, ఒకటి 5 మి.మీ. దిగి పక్కది 30 మి.మీ. దిగడం వల్ల నష్టం వస్తుంది. ముందు వైపు లాగుడు ఉంది, వెనక లేదు. చిన్న ఇంటికి ఎవరూ కుంగుదల లెక్క వివరంగా వేయరు కాబట్టి తీసివేతే నాకు భద్రంగా అనిపిస్తుంది.

నేలలెక్క

కుంగుదల లెక్క వేయించమనే నేను అడుగుతున్నాను. ఆ లెక్క చూపిస్తే బహుశా 10 మీటర్లే చాలు.

శ్లాబుబాధితుడు

పైల్స్ సంగతి మీరు చూసుకుంటున్నారు, నేల సంగతి ఎవరూ అడగలేదు. మా ఇల్లు కూడా మెరక మీద పైల్స్ వేసి కట్టిందే. స్తంభాలు, గోడలు చెక్కుచెదరలేదు. కానీ కింది అంతస్తు ఫ్లోరింగ్ మామూలుగా మెరక మీదే వేశారు. మూడేళ్లలో హాలు మధ్యలో 6 సెం.మీ. కుంగింది. టైల్స్ గోడల అంచున విరిగి లేచాయి. వంటింటి సింకు నుంచి బయటికి వెళ్లే పైపు గోడ దాటిన చోట తెగి, ఆ నీరంతా కింద మట్టిలోకే పోయింది, మాకు చాలా నెలలు తెలియలేదు. గుమ్మం మెట్లు ఇంటి నుంచి విడిపోయి ముందుకు వాలాయి. ఒక మూల ప్లింత్ బీమ్ కింద చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి వెళ్లేది, అంత ఖాళీ.

కట్టిన కాంట్రాక్టర్‌ను అడిగితే ఇల్లు నిలబడింది కదా అన్నాడు.

పునాదిమనిషి

చాలా అవసరమైన మాట చెప్పారు. మెరకస్థలం గారూ, కింది అంతస్తు నేల కూడా పైల్స్ మీది బీముల నుంచి మోసే శ్లాబుగా డిజైన్ చేయించండి. మెరక కుంగినా దానికి సంబంధం ఉండకూడదు. ఆ శ్లాబు బరువు స్తంభాల 25 టన్నుల్లో చేర్చారో లేదో ఇంజనీర్‌ను అడగండి. బయటికి వెళ్లే పైపులకు గోడ దగ్గర వంగే జాయింటు ఉండాలి.

పైల్‌సైట్

నేను పైలింగ్ పనిలో సూపర్‌వైజర్‌ను. కాగితం మీద 16 టన్నులు రావడం వేరు, గుంతలో రావడం వేరు. మీ నేలలో ఎక్కడ దెబ్బతింటుందో చెబుతాను.

మొదటిది, బోరు నిలబడటం. మీ మెరకలో శిథిలాలున్నాయి, కింద బురద, 2.5 దగ్గర నీళ్లు. కొందరు బోరు గోడలు కూలకుండా బెంటొనైట్ మట్టి కలిపిన నీళ్లు పోస్తే చాలు, కేసింగ్ గొట్టం ఎందుకంటారు. గట్టి మట్టిలో అది నిజం. ఇటుక ముక్కల మధ్య ఖాళీల్లోంచి బెంటొనైట్ జారిపోతుంది, మట్టం పడిపోగానే బురద లోపలికి ఉబికి వస్తుంది. మీకు 6 మీటర్ల దాకా ఇనుప కేసింగ్ దించి, గట్టి మట్టిలో అర మీటరు దిగేలా చేయాలి. బెంటొనైట్ మట్టం ఎప్పుడూ బయటి నీటిమట్టం కంటే కనీసం ఒకటిన్నర మీటరు పైన ఉండాలి.

రెండోది, అడుగు శుభ్రం. ఎక్కువ పైల్స్ పాడయ్యేది ఇక్కడే. బోరు పూర్తయ్యాక తేలే మట్టి మెల్లగా అడుగుకు దిగి మెత్తటి పరుపులా కూర్చుంటుంది. దాని మీద కాంక్రీటు పడితే, మీరు లెక్కేసుకున్న అడుగు 17 టన్నులు లేనట్టే. మీరే చూడొచ్చు. టేపు చివర ఒకటి రెండు కేజీల చదును ఇనుప బిళ్ల కట్టి వదలండి. శుభ్రమైన అడుగుకు తగిలితే చేతికి టక్కుమని తెలుస్తుంది, టేపు ఒక్కసారిగా వదులవుతుంది. బురద ఉంటే బిళ్ల మెల్లగా కూరుకుంటుంది, పైకి లాగితే పట్టినట్టుంటుంది. బోరు అయిన వెంటనే ఒకసారి, ఇనుప కేజ్ దించాక ఒకసారి, కాంక్రీటుకు ముందు ఒకసారి కొలవండి. మొదట 11.0 ఉన్నది చివర 10.8 వస్తే అడుగున 20 సెం.మీ. చేరినట్టు. కాంక్రీటు పోసే ట్రెమీ పైపులోంచి తాజా బెంటొనైట్‌ను తిప్పి మళ్లీ కడగాల్సిందే.

మూడోది, కాంక్రీటు. పైనుంచి పారబోస్తే నీళ్లలో సిమెంటు విడిపోతుంది. ట్రెమీ పైపు అడుగు దాకా దించి, కాంక్రీటు కింది నుంచి పైకి లేచేలా పోయాలి. పైపు చివర ఎప్పుడూ కాంక్రీటులో రెండు మీటర్లు మునిగి ఉండాలి. తొందరపడి పైకి లాగితే మధ్యలో బురద పొర ఇరుక్కుంటుంది, పైల్ అక్కడ రెండు ముక్కలే. కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే స్లంప్ 150 నుంచి 180 మి.మీ. ఉండాలి. కేసింగ్‌ను కూడా కాంక్రీటు తాజాగా ఉన్నప్పుడే, లోపల మట్టం బాగా పైన ఉంచుతూ మెల్లగా లాగాలి.

11 మీటర్ల పైల్‌కు లెక్క ప్రకారం 1.38 ఘనపు మీటర్ల కాంక్రీటు. పట్టినది రాసుకోండి. 1.5 పడితే మామూలే. 1.3 పడితే ఎక్కడో సన్నబడింది, ఆ పైల్‌ను ఒప్పుకోకండి.

మెరకస్థలం

చాలా థాంక్స్ అండీ. ఒక పైల్ మీద లోడ్ టెస్ట్ చేసి చూపిస్తామన్నారు. 20 టన్నుల పైల్‌కు ఒకటిన్నర రెట్లు, 30 టన్నులు పెడతారట. అది పాసైతే ఈ వాదనంతా తీరిపోతుంది కదా?

పునాదిమనిషి

తీరదు. టెస్టు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ సమయంలో పైల్‌ను కిందికి తోస్తున్నది మీరు, కాబట్టి మెరకా బురదా దాన్ని ఆపుతాయి, 8 టన్నుల సాయం చేస్తాయి. అదే మట్టి తర్వాత ఏళ్ల తరబడి కిందికి లాగుతుంది. టెస్టులో కనిపించే బలంలో ఆ సాయం కలిసి ఉంటుంది. 9 మీటర్ల పైల్‌కు 30 టన్నులు పెట్టి పాసైతే, దాని నిజమైన పని బరువు 9 టన్నులకే సరిపోయింది: 9కి ఒకటిన్నర రెట్లు 13.5, పైగా 8కి రెండింతలు 16, మొత్తం 29.5. ఒకసారి సాయాన్ని తీసేయడానికి, ఒకసారి లాగుడును పెట్టడానికి, అందుకే రెండింతలు.

16 టన్నుల కోసం 11 మీటర్ల పైల్ అయితే 24 ప్లస్ 16, అంటే 40 టన్నులు పెట్టమనండి.

నేలలెక్క

ఈ విషయంలో నాకూ అదే మాట. టెస్టు పైల్‌కు మెత్తటి పొర ఉన్న ముందు వైపే చోటు ఎంచుకోండి. వెనక మూలలో చేసి చూపిస్తే అది మీ ఇంటికి పరీక్ష కాదు.

మేస్త్రీబాబాయ్

సుత్తితో కొట్టి చూసే పరీక్ష ఉందంటారు, అది చాలదా? తేలిగ్గా అయిపోతుంది.

పైల్‌సైట్

అది పైల్ మధ్యలో విరిగిందా, సన్నబడిందా అని చెబుతుంది. సుత్తి దెబ్బ అల పైల్ అడుగు దాకా వెళ్లి వెనక్కి రావడానికి పట్టే సమయం చూస్తారు, 11 మీటర్లకు సుమారు 5.5 మిల్లీసెకన్లు. ముందే తిరిగొస్తే మధ్యలో ఏదో ఉన్నట్టు. కాంక్రీటు పోసిన వారం తర్వాత అన్ని పైల్స్‌కూ చేయించండి, మంచిదే. ఎంత బరువు మోస్తుందో మాత్రం అది చెప్పదు. అడుగున బురద ఉన్నా చాలాసార్లు పట్టుకోలేదు. దానికి బిళ్ల కట్టిన టేపే దిక్కు.

మెరకస్థలం

ముందు వైపు 15 మీటర్ల బోరుకు మళ్లీ చెప్పాం, వచ్చే వారం వేస్తారు. కుంగుదల లెక్క కూడా అడిగాను. నీళ్ల ట్యూబుతో నెల కిందట పెట్టిన గీతలు నిన్న కొలిచాం. మూడు గీతలు కదల్లేదు, ముందు మధ్యలోది 3 మి.మీ. దిగింది. ఇది కొలతలో తేడానా, నిజంగా దిగిందా?

పునాదిమనిషి

నీళ్ల ట్యూబుతో 2, 3 మి.మీ. తేడా వస్తూనే ఉంటుంది. ట్యూబులో గాలి బుడగలు లేకుండా చూసి, ఉదయం ఎండ రాకముందు అదే మనిషితో కొలిపించండి. ఇంకో రెండు నెలల అంకెలు, ఆ 15 మీటర్ల బోరు రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి. అప్పుడు 10 మీటర్లా 11 మీటర్లా అన్నది మళ్లీ చూద్దాం.